160 పిక్సెళ్లలో ఒక ముఖం

యూట్యూబ్‌ థంబ్‌నెయిల్‌ని మామూలుగా 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 పిక్సెళ్ల ఎత్తున చేస్తారు. చేసేవాళ్లు దాన్ని కంప్యూటర్‌ తెర నిండా పరుచుకుని కనురెప్పల దాకా దిద్దుతారు. కంప్యూటర్‌లో ఒక వీడియో నడుస్తుండగా పక్క వరసలోకి వచ్చేసరికి అదే బొమ్మ సుమారు 168 పిక్సెళ్ల వెడల్పుకు ముడుచుకుపోతుంది. అంటే ఏడున్నర రెట్లు చిన్నది. దిద్దిన కనురెప్పలు అక్కడ ఉండవు. మిగిలేది ఒక ఆకారం, దాని వెనక ఒక రంగు, రెండింటి మధ్య ఒక అంచు. వెనక సీనరీ మార్చి మనిషి చుట్టూ తెల్లగీత గీసే పద్ధతి ఇంతగా పాకడానికి కారణం ఇదే. అయితే ఆ గీత చాలామంది చేతిలో అలంకారంగా మిగిలిపోతుంది, చేయాల్సిన పని చేయదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పల్నాడులోని రెంటచింతల ఎండలకు పెట్టింది పేరు. అక్కడి ఎండాకాలం మీద ఒకాయన వీడియో చేశాడు. ఫొటో తీసింది ఇంట్లో, లేత ఆకుపచ్చ గోడ ముందు. వేసుకున్నది తెల్ల చొక్కా. వెనక బీడు భూమి, నారింజ రంగు ఆకాశం పెట్టాలని ఆయన కోరిక.

ముందు మనిషిని గోడ నుంచి విడదీయాలి. ఫొటోషాప్‌లో Select Subject నొక్కితే ముప్పాతిక పని అదే చేస్తుంది. మిగిలిన పావులో మొదటి చిక్కు ఆకుపచ్చ. గోడ మీద పడిన వెలుతురు తిరిగి చెవుల మీద, మెడ మీద, చొక్కా భుజాల మీద పడుతుంది. గోడ పోయినా ఆ పచ్చ ఛాయ అంచున సన్నటి పొరలా అంటుకుని ఉంటుంది. నారింజ ఆకాశం ముందు అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. Select and Mask లోని Decontaminate Colors దాన్ని చాలావరకు తుడుస్తుంది. తుడవకపోతే మాస్క్‌ని ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి జరిపితే సరి.

ఇప్పుడు ఆకాశం. తెర నిండా చూస్తే నారింజ ఆకాశం ముందు చామనఛాయ ముఖం బాగానే ఉంటుంది. అదే బొమ్మలో రంగు తీసేసి నలుపు తెలుపు చేసి చూడండి. ఎండ నారింజ రంగు 0 నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో దాదాపు 160 దగ్గర ఉంటుంది, చామనఛాయ చెంప 135 దగ్గర. రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగు. చిన్న సైజులో కన్ను ముందు పట్టుకునేది వెలుగు తేడానే, రంగు తేడా తర్వాత. అందుకే ముఖం ఆకాశంలో కరిగిపోతుంది. ఆకాశాన్ని 80 దాకా దించి, సాయంత్రం కాలిన ఇటుక రంగులోకి తెస్తే ముఖం ముందుకొస్తుంది. ఎండ తీవ్రత తగ్గిపోతుందే అనిపిస్తుంది గానీ తగ్గదు. ముదురు ఆకాశంలో ఒక్కచోట మండే సూర్యుడుంటే మొత్తం వెలిగే ఆకాశం కన్నా ఎక్కువ వేడిగా కనిపిస్తాడు.

ఆ సూర్యుడు ఎటు ఉన్నాడో కూడా చూసుకోవాలి. ఇంట్లో లైటు ఎడమ చెంప మీద పడి, వెనక సూర్యుడు కుడివైపు ఉంటే ఎక్కడో అతుకు పడిందని ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పుడు తిప్పాల్సింది సీనరీని, మనిషిని కాదు. మనిషిని తిప్పితే చొక్కా జేబు అటు నుంచి ఇటు వస్తుంది, తల పాపిడి మారుతుంది, రోజూ చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉంటుంది. సీనరీలో మైలురాయో బోర్డో ఉంటే మాత్రం అక్షరాలు తిరగబడతాయి, వాటిని చెరిపేయాలి.

ఇక గీత. ఎనిమిది పిక్సెళ్ల గీత 168 వెడల్పులో ఒక్క పిక్సెల్‌ అవుతుంది, అదీ సరిగా పడితే. మూడు నాలుగు పిక్సెళ్ల గీత మసకగా మారి అసలు లేనట్టే ఉంటుంది. పద్నాలుగు దగ్గర పెడితే చిన్నప్పుడు ఇంచుమించు రెండు పిక్సెళ్లు నిలుస్తాయి. పెద్ద తెర మీద అది మొరటుగానే కనిపిస్తుంది, ఓర్చుకోవాలి. Stroke పెట్టేటప్పుడు Outside ఎంచుకోవాలి. లేకపోతే గీత చెవుల్ని, వేళ్లని తినేస్తుంది.

ఫొటోషాప్‌ ఆ గీతని మాస్క్‌ ఎలా ఉంటే అలాగే గీస్తుంది. లేచిన ప్రతి వెంట్రుకకీ గీత, మాస్క్‌లో మిగిలిన ప్రతి చుక్కకీ చుట్టూ ఒక తెల్ల ఉంగరం. నడుం మీద చెయ్యి పెట్టుకుంటే ఆ సందులో కూడా గీత చుట్టుకుని, చిన్న సైజులో తెల్ల మచ్చగా మారుతుంది. దీనికి అనుభవమున్న ఎడిటర్లు Stroke వాడకుండా వేరే దారిలో వెళ్తారు. మనిషి సెలెక్షన్‌ తీసుకుని, Smooth చేసి, Expand లో 14 ఇచ్చి, మనిషి లేయర్‌ కింద కొత్త లేయర్‌లో తెలుపు నింపుతారు. వెంట్రుకలు వెంట్రుకల్లాగే ఉంటాయి, వెనక గీత మాత్రం నున్నగా సాగుతుంది. చేతి సందుని ఆ లేయర్‌లో మూసేయాలా తెరిచి ఉంచాలా అన్నది చేతిలోని పని. GIMP లో కూడా Alpha to Selection, తర్వాత Grow తో ఇదే వస్తుంది. ఫొటో నడుం దగ్గర తెగితే ఆ తెగిన అంచుని ఫ్రేమ్‌ బయటికి తోసేయాలి. మరిచిపోతే కింద అడ్డంగా ఒక తెల్లగీత పడి, మనిషి అట్టముక్క నుంచి కత్తిరించిన బొమ్మలా తేలుతాడు.

తెల్ల చొక్కాకి తెల్లగీత ఎలా అని అడగొచ్చు. నిజానికి గీతకి రెండు పక్కలున్నా బయటి పక్కే కీలకం. గీత చొక్కాలో కలిసిపోతే భుజాలు కాస్త లావుగా కనిపిస్తాయి, అంతే. గీత ఆకాశంలో కలిసిపోతే మనిషే పోతాడు. చొక్కా వెలుగుని 200 దాకా తగ్గిస్తే ఆ లావూ పోతుంది. పసుపు గీత పెడదామనుకుంటే లాభం తక్కువ, వెలుగు కొలతలో పసుపు తెలుపుకి దగ్గర చుట్టం. ఎరుపు గీత పెద్ద సైజులో ఆకర్షిస్తుంది గానీ ముదురు ఆకాశం మీద వెలుగులో తేడా చాలక అణిగిపోతుంది.

అక్షరాల దగ్గర తెలుగుకి వేరే కష్టం ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకి పైనా కిందా ఏమీ ఉండదు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. వాటికీ చోటివ్వాలి కాబట్టి అదే ఎత్తులో అసలు అక్షరం చిన్నదవుతుంది. దాని చుట్టూ మందపాటి గీత వేస్తే లోపలి సున్నాలు పూడుకుపోతాయి. ‘ధ’కీ ‘ద’కీ, ‘ప’కీ ‘వ’కీ తేడా పోతుంది. ‘రెంటచింతలలో నిప్పులు కక్కుతున్న సూర్యుడు’ అని రాస్తే 168 పిక్సెళ్లలో అది ఒక తెల్ల పట్టీ. ‘ఎండ రాజధాని’ అంటే చదవొచ్చు. అక్షరాలకి గీత బదులు వెనక ముదురు నీడ మేలు. కింద కుడి మూలలో వీడియో నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి కాబట్టి అక్కడ ఏ మాటా పెట్టకూడదు. ఆయన్ని కుడివైపు నిలబెడితే ఆ అంకెలు చొక్కా మీద పడతాయి, నష్టం లేదు.

అన్నీ అయ్యాక జూమ్‌ 12.5 శాతానికి దించితే బొమ్మ 160 పిక్సెళ్లు అవుతుంది. అలాగే ఉంచి ఒకసారి రంగు తీసేసి చూడాలి. ముఖం ఎటు చూస్తోందో తెలుస్తోందా, మాట చదవొస్తోందా? లేకపోతే గీతని ఇంకా లావు చేయడం కన్నా ముందు ఆకాశాన్ని ఇంకో మెట్టు దించి చూడాలి.

యూట్యూబ్‌లో ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిళ్ల దాకా పోటీ పెట్టి చూసుకునే వీలుంది. అది గెలుపు తేల్చేది ఎంతమంది నొక్కారన్న దాని మీద కాదు, ఏ బొమ్మ వల్ల వీడియోని ఎంతసేపు చూశారన్న దాని మీద. ఎక్కడిదో ఎడారి ఫొటో తెచ్చి రెంటచింతల అని పెడితే నొక్కినవాళ్లు పల్నాటి పొలాలు చూడగానే వెళ్లిపోతారు, ఆ బొమ్మ ఓడిపోతుంది. బీడు భూమి ఫొటో కూడా ఆ ఊళ్లో తీసిందే పెట్టడం మంచిది.