చెట్టులో పని ఎక్కడుంది?

బీటెక్ రెండో ఏడు దాటినవాళ్లను నిద్రలో లేపి అడిగినా మెర్జ్ సార్ట్‌కి పట్టే సమయం "ఎన్ లాగ్ ఎన్" అని ఠక్కున చెప్తారు. ఎందుకలా అంటే మాత్రం చాలామంది "మాస్టర్ థీరమ్ రెండో కేసండీ" అని ఊరుకుంటారు. అది జవాబే గానీ కారణం కాదు. కారణం కావాలంటే కాగితం మీద ఒక చెట్టు గీయాలి. కంప్యూటర్ వాళ్ల చెట్లకు వేరు పైన, ఆకులు కింద ఉంటాయి. అదొక్కటి సరిపెట్టుకుంటే మిగతాదంతా చిన్న కూడికలే.

మెర్జ్ సార్ట్ పాతదే. జాన్ వాన్ నాయ్‌మన్ 1945లో, ఎడ్వాక్ అనే కంప్యూటర్ ఇంకా తయారు కాకముందే, దానికోసం ఈ పద్ధతిలో ప్రోగ్రాం రాశాడు. పద్ధతి ఇంతే: వరసను రెండు సగాలు చెయ్యి, ఒక్కో సగాన్నీ ఇదే పద్ధతిలో విడిగా సర్దు, సర్దిన రెండింటినీ కలిపి ఒకే వరస చెయ్యి. ఒక్క అంకే మిగిలితే సర్దడానికేమీ ఉండదు కాబట్టి అక్కడ ఆగు.

ఎనిమిది అంకెలతో చేసి చూద్దాం: 35, 12, 60, 27, 41, 8, 52, 19. ఎడమ సగం సర్దుకుని 12, 27, 35, 60 అయిందనుకోండి. కుడి సగం 8, 19, 41, 52 అయింది. ఇప్పుడు కలపాలి. రెండు వరసల మొదళ్లలో ఏది చిన్నదో చూసి దాన్ని కొత్త వరసలోకి దించాలి. 12, 8లలో 8 చిన్నది, దిగిపోయింది. తర్వాత 12, 19 ఎదురుపడితే 12 దిగింది. 27, 19లలో 19. ఆ తర్వాత 27, 35, 41, 52 వరసగా దిగాయి. చివరికి 60 ఒక్కటే మిగిలింది, దాన్ని దేనితోనూ పోల్చే పని లేదు. మొత్తం ఏడు పోలికలు, ఎనిమిది దించడాలు. లెక్క తేలిగ్గా ఉండటానికి దించడాలే చూద్దాం: n అంకెల్ని కలపడానికి n పనులు.

n అంకెల్ని పూర్తిగా సర్దడానికి పట్టే పనిని T(n) అందాం. రెండు సగాలను సర్దడానికి ఒక్కోదానికి T(n/2) పడుతుంది, కలపడానికి n పడుతుంది. అంటే:

T(n) = 2T(n/2) + n

దీన్నే రికరెన్స్ అంటారు. దీంతో వచ్చే చిక్కేమిటంటే, జవాబు అడిగితే ఇది ఇంకో ప్రశ్న చేతిలో పెడుతుంది. T(8) కావాలంటే T(4) తెలియాలి, దానికి T(2) తెలియాలి. ఒక్క అంకె ఉన్నప్పుడు T(1) = 1 అనుకుందాం. అప్పుడు T(2) నాలుగు, T(4) పన్నెండు, T(8) ముప్పై రెండు. ఇలా ఎంత దూరమైనా లెక్కకట్టుకుంటూ పోవచ్చు గానీ, n పెరిగితే పని ఏ తీరున పెరుగుతుందో ఈ అంకెలు చెప్పవు.

చెట్టు చెప్తుంది. పైన వేరు దగ్గర 8 అని రాయండి, మొత్తం వరసను ఆఖరున కలిపే పని అది. దాని కింద రెండు కొమ్మలు, ఒక్కోదాని దగ్గర 4. వాటి కింద నాలుగు కొమ్మలు, ఒక్కోటి 2. అట్టడుగున ఎనిమిది ఆకులు, ఒక్కోటి 1. ఇప్పుడు కొమ్మ వెంట కిందికి దిగకుండా అడ్డంగా కూడండి. పై వరస 8. రెండో వరస 4 + 4, అదీ 8. మూడోది నాలుగు రెళ్లు ఎనిమిది. ఆకుల వరసా ఎనిమిదే. పని ముక్కలైంది గానీ వరస మొత్తం తగ్గలేదు. ముక్క సగమైన ప్రతిసారీ ముక్కల సంఖ్య రెట్టింపైంది, దానికిది చెల్లు. నాలుగు వరసలు, ఒక్కోటి 8, మొత్తం 32.

ఇక వరసలెన్నో తేలితే చాలు. n ని ఎన్నిసార్లు సగం చేస్తే 1 అవుతుందో అన్ని మెట్లు, వాటితోపాటు ఆకుల వరస ఒకటి. ఆ "ఎన్నిసార్లు" అనేదే log₂ n. కనుక T(n) = n log₂ n + n. n పెద్దదయ్యేకొద్దీ మొదటి ముక్క ముందు రెండోది చిన్నబోతుంది, అందుకే ఎన్ లాగ్ ఎన్ అని ఊరుకుంటాం. 1024 అంకెలకు పది మెట్లు. పది లక్షలకు ఇరవై మెట్లు, అంటే సుమారు 2 కోట్ల పనులు. ప్రతి అంకెనూ మిగతా వాటన్నిటితో పోల్చే మోటు పద్ధతిలో అదే పది లక్షలకు సుమారు 50,000 కోట్ల పోలికలు పడతాయి. n సరిగ్గా రెండు, నాలుగు, ఎనిమిదిలా లేకపోతే సగాల మధ్య ఒక అంకె తేడా వస్తుంది, లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ పెరిగే తీరు మారదు.

మెర్జ్ సార్ట్‌కి ప్రతి వరసా సమానంగా తూగింది కదా, అన్నిటికీ అలా తూగదు. ఈ కోడ్ చూడండి. పైథాన్ కొత్తగా నేర్చుకున్నవాళ్లు కలపడం ఇలాగే రాస్తుంటారు, చదవడానికి ముచ్చటగానూ ఉంటుంది:

```python
def merge(a, b):
    c = []
    while a and b:
        if a[0] <= b[0]:
            c.append(a.pop(0))
        else:
            c.append(b.pop(0))
    return c + a + b
```

జవాబు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. దోషం `pop(0)` దగ్గరుంది. పైథాన్ జాబితాలో మొదటిదాన్ని తీసేస్తే వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. సగం వరసలో n/2 అంకెలుంటే మొదటిది తీసినప్పుడు దాదాపు n/2 జరుగుళ్లు, తర్వాత ఒకటి తక్కువ, ఆపైన ఇంకోటి తక్కువ. రెండు సగాలూ ఖాళీ అయ్యేసరికి మొత్తం సుమారు n²/4. కలపడానికి n పడుతుందనుకున్న చోట n² వచ్చి కూర్చుంది. నాలుగో వంతన్నది పెరిగే తీరును మార్చదు కాబట్టి దాన్ని వదిలేసి T(n) = 2T(n/2) + n² అని రాసుకుందాం.

మళ్లీ ఎనిమిదికి చెట్టు గీయండి. వేరు దగ్గర 64. దాని కింద రెండు 16లు, అంటే 32. తర్వాత నాలుగు 4లు, 16. ఆకులు 8. మొత్తం 120, అందులో సగానికి పైగా ఒక్క వేరు దగ్గరే ఉంది. కిందికి దిగేకొద్దీ వరస మొత్తం సగమవుతోంది కాబట్టి ఎన్ని వరసలున్నా కూడిక 2n² దాటదు. జవాబు n². సగాలు చేసి, విడివిడిగా సర్ది, ఇంత హంగామా చేసినా మోటు పద్ధతి వేగమే మిగిలింది.

ఇది జరుగుతోందని పట్టుకోవాలంటే ఇన్‌పుట్‌ను రెట్టింపు చేస్తూ సమయం కొలవాలి. సరైన మెర్జ్ సార్ట్‌లో సమయం ప్రతిసారీ రెట్టింపు కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. పై కోడ్‌లో పోనుపోను నాలుగు రెట్ల వైపు వెళ్తుంది. వెయ్యి అంకెలతో పరీక్షించి అంతా బాగుందని సంబరపడితే మోసపోతాం. ఆ జరుగుళ్లను కంప్యూటర్ ఒకే ఊపులో చాలా వేగంగా చేసేస్తుంది కాబట్టి చిన్న జాబితాల్లో తేడా బయటపడదు. లక్షల్లోకి వెళ్తే తెలుస్తుంది. మందు సులువే: దేన్నీ తీసెయ్యకుండా, ప్రతి వరసలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకునే అంకె ఒకటి ఉంచుకుని దాన్నే ముందుకు జరుపుకుంటూ పోవడం.

ఇంకో రకం చెట్లలో బరువంతా ఆకుల్లో ఉంటుంది. 1960లో అనతోలీ కరత్సుబా అనే మాస్కో కుర్రవాడు పెద్ద సంఖ్యల గుణకారానికి కనిపెట్టిన పద్ధతి అలాంటిది. సగం పొడవున్న గుణకారాలు మామూలుగా నాలుగు కావాలి, అతను మూడింటితో సరిపెట్టాడు: T(n) = 3T(n/2) + n. ఎనిమిదికి వరసలు 8, 12, 18, 27. కిందికి పోతున్నకొద్దీ ఒకటిన్నర రెట్లు పెరుగుతున్నాయి. అక్కడ తేల్చేది ఆకుల సంఖ్యే, అది సుమారు n^1.585.

మాస్టర్ థీరమ్ అన్నది ఈ మూడు చెట్లను ఒక్కచోట రాసిన మాట. 1980లో జాన్ బెంట్లీ, డొరోతియా హేకెన్, జేమ్స్ సాక్స్ ఇలాంటి రికరెన్స్‌లకు ఒక సాధారణ పద్ధతి ప్రచురించారు. కోర్మెన్, లైజర్‌సన్, రివెస్ట్‌ల పాఠ్యపుస్తకం 1990లో వచ్చాక ఆ పేరు స్థిరపడింది. T(n) = aT(n/b) + f(n) అన్నప్పుడు ఆకుల సంఖ్య n^(log_b a) అవుతుంది. వేరు దగ్గరి పని f(n). ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే. ఆకులు స్పష్టంగా ఎక్కువైతే వాటి సంఖ్యే జవాబు, అది మొదటి కేసు. రెండూ సమానంగా తూగితే ఆ తూకాన్ని వరసల సంఖ్యతో, అంటే log n తో హెచ్చించాలి, ఇది రెండో కేసు. వేరు స్పష్టంగా ఎక్కువైతే, కిందికి దిగేకొద్దీ వరసలు కచ్చితంగా తగ్గుతున్నాయని కూడా చూసుకుని, f(n) జవాబు అనాలి, అది మూడోది. మెర్జ్ సార్ట్‌లో a, b రెండూ 2 కాబట్టి ఆకులు n, వేరు దగ్గర పనీ n. ఆ రెండో కేసు రహస్యం ఇంతే.

పరీక్షల్లో మార్కులు పోయేది "స్పష్టంగా" అన్న మాట దగ్గర. కలపడం చేతకాక, ప్రతి మెట్టులోనూ రెండు సగాల్నీ ఒకచోట పోసి మళ్లీ మొదటినుంచి సర్దాడనుకోండి ఒకడు. అప్పుడు T(n) = 2T(n/2) + n log n. ఆకులు n, వేరు n log n. వేరే పెద్దది కాబట్టి మూడో కేసు, జవాబు n log n అని రాసేస్తారు. తప్పు. వేరు ఎక్కువే గానీ log n రెట్లే ఎక్కువ. n ని ఎంత చిన్న ఘాతానికి ఎత్తినా చివరికి log n ని మించిపోతుంది, కాబట్టి ఈ తేడా మూడో కేసుకు చాలదు. అలాగని సమానమూ కాదు. అసలు పుస్తకంలోని మూడు కేసుల్లో దీనికి చోటు లేదు.

చెట్టు గీస్తే ఇబ్బందే లేదు. n = 1024 అనుకోండి. వేరు దగ్గర 10n. దాని కింద 512ల ముక్కలు రెండు, log 9 కాబట్టి వరస మొత్తం 9n. తర్వాత 8n, 7n, అలా 1n దాకా. కూడితే 55n. అసలు మెర్జ్ సార్ట్‌లో అదే పది మెట్లకు 10n. వరసలు తగ్గుతున్నాయి, కానీ సగం సగం కాదు, మెట్టుకో n చొప్పున నింపాదిగా, అందుకే వేరు ఒక్కటే తేల్చలేదు. సాధారణంగా ఈ కూడిక n(log n)² తీరున పెరుగుతుంది. ఆ పుస్తకం నాలుగో ముద్రణ 2022లో వచ్చినప్పుడు రెండో కేసును విస్తరించి ఇలాంటి లాగ్‌లను అందులో కలిపారు.

ఇది పుస్తకాల్లో మాత్రమే కనిపించే లెక్క కాదు. తలం మీద చుక్కలిచ్చి, వాటిలో అన్నిటికంటే దగ్గరగా ఉన్న జంటను కనుక్కోమనే ప్రోగ్రాం ఒకటుంది. సగాలు చేసి సాధించేటప్పుడు, మధ్య గీతకు దగ్గరున్న చుక్కలను ప్రతి మెట్టులోనూ ఎత్తు ప్రకారం కొత్తగా సర్దితే సరిగ్గా ఈ రికరెన్సే వస్తుంది. కింది మెట్టు నుంచి రెండు సగాలూ ఎత్తు ప్రకారం సర్దుకునే పైకి వచ్చేలా రాసి, పైన ఊరికే మెర్జ్ చేస్తే కలపడం మళ్లీ n కు దిగుతుంది, మొత్తం n log n అవుతుంది.