రిమోట్ డెస్క్‌టాప్‌లో జాప్యం: తెర అమరిక పాత్ర

రిమోట్ డెస్క్‌టాప్‌లో నొక్కిన అక్షరం ముందుగా దూరాన ఉన్న కంప్యూటరుకు చేరి, అక్కడ మారిన తెర బొమ్మగా తిరిగి రావాలి. ఈ రాకపోకలకు పట్టే కాలమే లేటెన్సీ. అది ఒకసారికీ మరొకసారికీ మారుతూండటం జిట్టర్. నిలకడగా ఉండే 80 మిల్లీసెకన్ల జాప్యానికి చేయి క్రమంగా అలవాటు పడుతుంది; 30కీ 230కీ మధ్య ఊగిసలాడే జాప్యానికి పడదు.

ఈ ఊగిసలాటకు నెట్‌వర్కునే నిందించడం పరిపాటి. అయితే తెర అమరిక కూడా దానిని సృష్టించగలదు. 3840×2160 తెరపై తాళపత్ర ప్రతి చిత్రాన్ని జరిపినప్పుడు ఒక్క మార్పుకు 250 కిలోబైట్లు, అనగా 20 లక్షల బిట్లు, పంపవలసి వచ్చిందనుకుందాం. సెకనుకు కోటి బిట్ల కనెక్షన్‌పై అవి చేరడానికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. వాటి వెనుక వరుసలో నిలిచిన అక్షరం అంతసేపూ ఆగవలసిందే. తెరను 1920×1080కి తగ్గిస్తే పిక్సెళ్లు నాలుగో వంతవుతాయి. నిరీక్షణ సుమారు 50కి దిగుతుంది. కుదింపు చిత్రాన్ని బట్టి మారుతుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే.

కారణాన్ని గుర్తించడానికి, సెషన్ నడుస్తుండగా విండోస్‌లో `ping -t` ఆదేశాన్ని ఆ కంప్యూటరు చిరునామాతో నడపాలి. చిత్రాన్ని జరిపినప్పుడే అంకెలు పెరిగితే కనెక్షన్ మోయగలిగిన దానికంటే తెర పెద్దదని అర్థం. తెర కదలకున్నా అంకెలు ఎగిరిపడుతుంటే ముందుగా వైఫైని అనుమానించాలి. అప్పుడు పిక్సెళ్లు తగ్గించినా ఫలితం స్వల్పమే, కేబులు తగిలించి చూడాలి.