బదిలీ ఆర్డరు వచ్చింది... ఇల్లు ఎలా అప్పగించాలి?

హైదరాబాద్ కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాట్. అద్దె నెలకు 22,000. అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే 44,000. అగ్రిమెంటు 2024 జూలై 1 నుంచి 2025 మే 31 దాకా, పదకొండు నెలలకు. అందులో ఉంటున్నది ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం. ఏప్రిల్ చివరి వారంలో ఓనరు ఫోన్ చేసి, ‘అగ్రిమెంటు అయిపోవస్తోంది కదా, అయిదు శాతం పెంచి మళ్లీ రాసుకుందాం’ అన్నారు. సరిగ్గా అదే వారం విశాఖపట్నానికి బదిలీ ఆర్డరు వచ్చింది. జూన్ 2న అక్కడ చేరాలి. ఇది ఉదాహరణ కోసం అనుకున్న కుటుంబమే అయినా, ఇలాంటి ఇళ్లు ప్రతి వేసవిలోనూ ప్రతి కాలనీలోనూ కనిపిస్తాయి.

ఇలాంటప్పుడు చాలామంది ఓనరుతో ఫోన్లో ‘మాకు ట్రాన్స్‌ఫర్ అయిందండీ, ఖాళీ చేస్తాం’ అని ఒక్క ముక్క చెప్పి సామాను సర్దుకోవడంలో పడిపోతారు. అడ్వాన్సు ఎప్పుడిస్తారు, ఇల్లు ఎవరు చూసుకుంటారు, రంగుల ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలు లారీ గుమ్మం ముందు ఆగాక మొదలవుతాయి. అప్పటికి అడిగేవాళ్లకు టైమ్ ఉండదు, ఇచ్చేవాళ్లకు తొందర ఉండదు. రెన్యువల్ వద్దని చెప్పే రోజునే ఇల్లు అప్పగించే పద్ధతి కూడా అడిగేయాలి. గొడవల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

అగ్రిమెంటును పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో ముందు చూద్దాం. ఏడాదికి మించిన లీజును రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పుతాయన్న ఉద్దేశంతో ఒక నెల తగ్గించి రాసుకుంటారు. గడువు ముగిస్తే లీజు దానంతటదే ముగుస్తుంది. కానీ గడువు దాటాక కూడా మనం ఇంట్లోనే ఉండి, ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే, మామూలు నివాసపు ఇళ్ల విషయంలో అది నెలవారీ అద్దెగా కొనసాగినట్టే. అప్పుడు ఒప్పందంలో వేరే మాట లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఖాళీ చేసే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. చాలా అగ్రిమెంట్లలో నెల రోజుల నోటీసు అనో, రెండు నెలలనో రాసి ఉంటుంది. రాసి ఉంటే అదే చెల్లుతుంది. అందుకే రెన్యువల్ మాట వచ్చినప్పుడు ‘చూద్దాం లెండి’ అని నాన్చకూడదు. మన మౌనాన్ని ఓనరు అంగీకారంగా తీసుకుంటే తప్పు ఆయనది కాదు.

మన బ్యాంకు ఉద్యోగి అగ్రిమెంటులో నెల రోజుల నోటీసు ఉంది. ఆయన ఏప్రిల్ 28న ఫోన్లో మాట్లాడి, వెంటనే వాట్సాప్‌లో ఈ మెసేజ్ పెట్టారనుకుందాం:

‘నమస్కారం అండీ. మధ్యాహ్నం ఫోన్లో చెప్పినట్టు నాకు విశాఖపట్నానికి బదిలీ అయింది. అందుకని మే 31తో ముగిసే అగ్రిమెంటును రెన్యువల్ చేసుకోలేకపోతున్నాం. మే నెల అద్దె ఎప్పటిలాగే 5వ తేదీలోపు పంపిస్తాను. మే 31 శనివారం ఉదయం ఇల్లు ఖాళీగా అప్పగిస్తాం. అంతకు ముందు 25 ఆదివారం మీరు ఒకసారి వచ్చి ఇల్లు చూసుకుంటే, ఏమైనా రిపేర్లు ఉంటే చేయించేస్తాను. అడ్వాన్సు 44,000లో ఏమేం పట్టుకుంటారో, మిగతాది ఏ రోజు ఇస్తారో చెప్పగలరు. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లను సాయంత్రం 6 తర్వాత పంపితే మాకు వీలుగా ఉంటుంది.’

ఇందులో పొడుగు మాటలేమీ లేవు. తేదీ ఉంది, అద్దె ఎక్కడిదాకా కడతారో ఉంది, అడ్వాన్సు ప్రశ్న ఉంది. చివరి వాక్యం చిన్నదే అయినా చాలా అవసరం. టు-లెట్ బోర్డు కట్టిన మర్నాటి నుంచి బ్రోకర్లు ఏ వేళప్పుడైనా తలుపు కొడతారు. ఓనరుకు మాత్రం ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా 22,000 పోయినట్టే కాబట్టి, చూపించనంటే ఆయనకు కోపం రావడం సహజం. టైమ్ చెబితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

‘చివరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో సర్దుకోండి’ అనే పద్ధతి కూడా ఉంది. అడ్వాన్సు తిరిగి రాదేమోనన్న భయంతో చాలామంది అదే చేస్తారు. ఓనరు సరేనంటే బాధ లేదు. చెప్పకుండా అద్దె ఆపేస్తే మాత్రం అది మన వైపు నుంచి ఒప్పందం తప్పడమే. కరెంటు బిల్లుకు, రిపేర్లకు ఓనరు చేతిలో ఏమీ మిగలదు, మాటా చెడుతుంది. అద్దె కట్టేసి, అడ్వాన్సుకు తేదీ రాయించుకోవడమే నయమని నా అభిప్రాయం.

ఇక ఇల్లు చూసుకోవడం. ఇది ఆఖరి రోజు జరిగితే ఉపయోగం లేదు. వారం ముందు జరిగితే పాడైన ట్యాపు మనమే ప్లంబరును పిలిచి 500కో 800కో మార్పించుకోవచ్చు. ఆఖరి రోజు కనిపిస్తే అదే ట్యాపుకు ఓనరు ఉజ్జాయింపుగా రెండు వేలు పట్టుకుంటారు, కాదనడానికి మన దగ్గర బిల్లు ఉండదు. ఆదివారం వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి గది గదీ తిరగాలి. ఫ్యాన్లు, లైట్లు, గీజర్ వేసి చూడాలి. బాత్రూం ఫ్లష్, సింకు కింద లీకేజీ, కప్‌బోర్డు తలుపులు, కిటికీల మెష్ చూడాలి. చేరిన రోజు తీసిన ఫొటోలు ఫోన్లో ఉంటే వెతికి పెట్టుకోవాలి. అప్పుడే పగిలి ఉన్న టైల్ ఇప్పుడు మన ఖాతాలో పడకుండా ఆ ఫొటో ఒక్కటే కాపాడుతుంది.

ఎక్కువ పేచీ వచ్చేది రంగుల దగ్గరే. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు వాళ్లు బాధ్యులు కారు. ఎండకు గోడ రంగు వెలవడం, సోఫా ఆనుకున్న చోట మరక పడటం, పై ఫ్లాట్ నుంచి నీళ్లు దిగి పెచ్చులూడటం అద్దెకున్నవాళ్ల తప్పులు కావు. పాప క్రేయాన్లతో హాలు గోడంతా బొమ్మలు వేస్తే, టీవీ కోసం గోడకు పెద్ద రంధ్రాలు పెడితే అవి మనవి. అయితే ఈ నియమం ఒప్పందంలో వేరే మాట లేనప్పుడే వర్తిస్తుంది. ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె’ అని సంతకం పెట్టి ఉంటే ఆ మాట ఇవ్వాల్సిందే. హైదరాబాద్‌లో చాలా అగ్రిమెంట్లలో ఈ వాక్యం ఉంటుంది, సంతకం పెట్టే రోజు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మన ఉదాహరణలో ‘పెయింటింగ్ ఖర్చు అద్దెదారుది’ అని మాత్రమే ఉంది, అంకె లేదు. ఓనరు నెల అద్దె 22,000 అడిగారు. బ్యాంకు ఉద్యోగి అదే వీధిలోని పెయింటరును పిలిచి, మేకుల రంధ్రాలకు లప్పం పెట్టి, హాలు, పిల్లల గది రంగు వేయడానికి 9,000 అవుతుందని చెప్పించారు. వంటగది, పెద్ద పడకగది పదకొండు నెలల వాడకానికి బాగానే ఉన్నాయని ఇద్దరికీ కనిపించింది. 9,000కు ఒప్పుకున్నారు. చేతిలో ఒక రేటు ఉన్నప్పుడు బేరం కూడా మర్యాదగా సాగుతుంది.

మే 30న ప్యాకర్స్ వచ్చి సామాను తీసుకెళ్లారు. దానికి ముందే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మే మెయింటెనెన్స్ కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకుని, సామాను బయటికి వెళ్లడానికి గేట్ పాస్ రాయించుకోవాలి. ఇది మరిచిపోతే వాచ్‌మన్ లారీని గేటు దగ్గర ఆపేస్తాడు. గ్యాస్ సంగతి కూడా ఆ వారమే తేల్చుకోవాలి. వేరే ఊరికి వెళ్తున్నాం కాబట్టి సిలిండరు, రెగ్యులేటరు డీలరుకు అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చి టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. దాన్ని విశాఖలో చూపిస్తే అక్కడ కనెక్షన్ ఇస్తారు.

31వ తేదీ ఉదయం ఇద్దరూ మీటరు దగ్గర నిలబడి ఫొటో తీశారు. మే 8న బిల్లు ఇచ్చినప్పుడు 14,610 ఉన్న రీడింగు ఇప్పుడు 14,862కు చేరింది. అంటే మనవి 252 యూనిట్లు. అసలు బిల్లు జూన్‌లో వస్తుంది. ఈలోగా కొత్తవాళ్లు చేరితే వాళ్ల యూనిట్లు కూడా అదే బిల్లులో కలిసి, పై శ్లాబు రేటులోకి వెళ్లవచ్చు. అందుకే బిల్లును రోజుల లెక్కన కాకుండా యూనిట్ల లెక్కన పంచుకోవాలి. ప్రస్తుతానికి ఓనరు 1,800 పట్టుకుని, బిల్లు వచ్చాక తేడా సర్దుతానన్నారు.

లెక్క ఒక తెల్లకాగితం మీద రాశారు. అడ్వాన్సు 44,000. రంగులకు 9,000, వంటగది ట్యాపుకు 800, కరెంటుకు 1,800, మొత్తం 11,600 పోగా ఇవ్వాల్సింది 32,400. ‘ఇల్లు ఖాళీగా అందింది, మూడు తాళంచెవులు అందాయి, అద్దె బాకీ లేదు’ అని కింద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి, చెరొక ఫొటో తీసుకున్నారు. డబ్బు ఫోన్లో పంపి, తాళంచెవులు తీసుకున్నారు. ఏప్రిల్, మే నెలల అద్దె రసీదులు కూడా అప్పుడే అడగాలి. పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు చూపేవాళ్లకు ఆఫీసు వాటిని వచ్చే జనవరిలో అడుగుతుంది, అప్పుడు విశాఖ నుంచి ఓనరుకు ఫోన్ చేసి తెప్పించుకోవడం కష్టం.

అన్నిసార్లూ ఇంత సాఫీగా జరగదు. ‘కొత్తవాళ్లు అడ్వాన్సు ఇచ్చాక మీది ఇస్తాను’ అని చెప్పే ఓనర్లు ఎంతోమంది. అలాంటప్పుడు తాళాలు ఇవ్వకుండా మొండికేయకండి. ఇల్లు మీ చేతిలో ఉన్నంతకాలం అద్దె పెరుగుతూనే ఉందని ఆయన అనవచ్చు. తాళాలు ఇచ్చి, అదే కాగితం మీద ‘32,400 ఫలానా తేదీలోపు ఇస్తాను’ అని రాయించుకోండి. తేదీ దాటితే ముందు లాయరు నోటీసు. అదీ పనిచేయకపోతే కోర్టుకెళ్లే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి, లోక్ అదాలత్ ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చు. దానికి కోర్టు ఫీజు ఉండదు, సంతకాలున్న కాగితం ఉంటే మాట త్వరగా తెగుతుంది.

ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకు ఒక మనవి. అడ్వాన్సు మీ ఆదాయం కాదు, అద్దెకున్నవాళ్లు మీ దగ్గర నమ్మి ఉంచిన సొమ్ము. దాన్ని ఖర్చు పెట్టేసుకోకుండా బ్యాంకులో విడిగా ఉంచండి. ఊరు మారుతున్న కుటుంబానికి కొత్త ఇంటి అడ్వాన్సు కట్టాల్సింది ఆ వారమే.