లాభానికి తొందర, నష్టానికి ఓపిక: మదుపరి డైరీయే సాక్షి

వంద రూపాయలకు కొన్న షేరు నూట పదికి చేరగానే అమ్మివేసి తృప్తిపడే మదుపరి, అదే షేరు ఎనభైకి పడిపోతే మాత్రం కొన్న ధర మళ్లీ వచ్చేదాకా అమ్మేది లేదని నెలల తరబడి భీష్మించుకు కూర్చుంటాడు. అమెరికా ఆర్థికవేత్తలు హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ 1985లో వెలువరించిన పరిశోధనా పత్రంలో ఈ ధోరణికి 'డిస్పోజిషన్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. నష్టానికి అమ్మడమంటే తన నిర్ణయం తప్పని తానే ఒప్పుకోవడం. ఆ బాధను వాయిదా వేయాలనే కోరిక ఇందుకు ఒక ముఖ్య కారణమని వారు వివరించారు.

ఈ అలవాటు తనకు ఉన్నదీ లేనిదీ మదుపరికి సాధారణంగా తెలియదు. పైగా లావాదేవీల డైరీని పైపైన చూస్తే అతడు సమర్థుడిగానే కనిపిస్తాడు. ఒక మదుపరి ఆరు నెలల్లో 40 లావాదేవీలు ముగించాడని, అందులో 26 లాభించి, 14 నష్టపోయాయని అనుకుందాం. నూటికి 65 సార్లు గెలుపే. అయితే సగటు లాభం రూ.1,200 కాగా సగటు నష్టం రూ.2,700. మొత్తం లాభం రూ.31,200, మొత్తం నష్టం రూ.37,800. చివరికి చేతినుంచి పోయినది రూ.6,600. లాభించిన షేర్లను సగటున మూడు రోజులు, నష్టపోయిన వాటిని 17 రోజులు అట్టిపెట్టుకున్నట్లు తేదీలను బట్టి తేలితే అనుమానం బలపడుతుంది.

కానీ ఇది అనుమానమే తప్ప రుజువు కాదు. డైరీలో ముగిసిన లావాదేవీలే ఉంటాయి. అమ్మకుండా దాచుకున్న నష్టాలు అందులోకి ఎక్కవు. గెలుపు శాతం ఘనంగా కనిపించడానికి ఒక్కోసారి ఇదే కారణం. పైగా మార్కెట్ పెరుగుతున్న కాలంలో లాభంలో ఉన్న షేర్లే ఎక్కువ కనుక, అమ్మకాల్లోనూ అవే ఎక్కువగా ఉండటం సహజం.

ఈ చిక్కును టెరెన్స్ ఓడీన్ అనే పరిశోధకుడు 1998లో విడదీశారు. ఒక బ్రోకరేజి సంస్థకు చెందిన 10,000 ఖాతాల్లో 1987 నుంచి 1993 వరకు జరిగిన లావాదేవీలను ఆయన పరిశీలించారు. ఏ రోజు అమ్మకం జరిగినా, అమ్మినవాటితోపాటు ఆ రోజు అమ్మకుండా ఉంచుకున్న షేర్లలో లాభంలో ఉన్నవెన్ని, నష్టంలో ఉన్నవెన్ని అని కూడా లెక్కించారు. అమ్మడానికి వీలున్న లాభాల్లో 14.8 శాతాన్ని మదుపరులు అమ్ముకోగా, నష్టాల్లో 9.8 శాతాన్ని మాత్రమే వదిలించుకున్నారు. అమ్మేసిన లాభాల షేర్లు, ఉంచుకున్న నష్టాల షేర్లకంటే తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం అదనపు ప్రతిఫలం ఇచ్చినట్లు కూడా తేలింది.

పై మదుపరికీ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. అతడు అమ్మకం జరిపిన రోజులన్నిటినీ కూడితే, అమ్మకుండా ఉంచుకున్న లాభాలు 104, నష్టాలు 126 అని వచ్చిందనుకుందాం. లాభాల్లో అమ్మినవి 130కి 26, అంటే 20 శాతం. నష్టాల్లో అమ్మినవి 140కి 14, అంటే 10 శాతం. నష్టంకంటే లాభాన్ని రెండింతలు సులువుగా వదులుకుంటున్నాడన్నమాట.

ఇంతటితో తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. చిన్న లాభాలు ఆశించి, పెద్ద నష్టానికి తట్టుకునే పద్ధతిని తెలిసే ఎంచుకున్నవారి డైరీ కూడా ఇలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే కొనుగోలు రోజునే రాసుకున్న లక్ష్య ధరను, స్టాప్ లాస్ ధరను అసలు అమ్మిన ధరతో పోల్చాలి. లక్ష్యం చేరకముందే లాభాలు అమ్మి, స్టాప్ లాస్ దాటినా నష్టాలను కొనసాగిస్తే అది పద్ధతి కాదు, అలవాటే. స్టాప్ లాస్‌ను మధ్యలో కిందికి జరిపినట్లు, పడిన ధరకు మరిన్ని కొని సగటు తగ్గించుకున్నట్లు కనిపించినా అనుమానించవలసిందే. సగటు తగ్గితే నష్టం శాతం చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఇరుక్కున్న సొమ్ము పెరుగుతుంది.

పన్నుల ప్రభావాన్నీ విడిగా చూడాలి. ఓడీన్ పరిశీలనలో డిసెంబరు నెలలో ఈ ధోరణి తలకిందులైంది. పన్ను మినహాయింపుకోసం అమెరికా మదుపరులు సంవత్సరాంతంలో నష్టాలను అమ్మడమే ఇందుకు కారణం. మన దేశంలో ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెల అమ్మకాలను అందుకే వేరుగా లెక్కించడం మంచిది. అలాగే 14 నష్టాల లెక్క స్వల్పమే. మరో ఆరు నెలల డైరీలోనూ అదే నిష్పత్తి పునరావృతమైతే, లోపం షేర్ల ఎంపికలో కంటే అమ్మే వేళలోనే ఉందని మదుపరి గట్టిగా అనుమానించవచ్చు.