ఎనిమిది వేల తేడాలో మన చేతికొచ్చేది ఎంత?

ప్లేస్‌మెంట్ సీజన్ చివర్లో మా రూమ్మేట్ చేతిలో రెండు ఆఫర్లు మిగిలాయి. రెండూ హైదరాబాద్‌లోనే, రెండూ కస్టమర్ సపోర్టే. మొదటిది అమెరికా కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే వాయిస్ ప్రాసెస్, పూర్తిగా నైట్ షిఫ్ట్, ఏడాదికి 3,96,000. రెండోది ఒక హోస్టింగ్ కంపెనీలో ఎల్1 టెక్నికల్ సపోర్ట్, డే షిఫ్ట్, 3,00,000. "నెలకి ఎనిమిది వేలు తేడా రా, ఇంకా ఆలోచించేదేముంది" అన్నాడు. ఇంట్లో చెల్లి చదువు ఉంది, వాడి ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కాబట్టి ఎనిమిది వేలు వాడికి చిన్న మొత్తం కాదు. అందుకే ఆ రాత్రి కూర్చుని రెండు ఆఫర్ లెటర్లూ లైను లైనుగా లెక్కేశాం. ఇలాంటి లెటర్ రేపు మీకూ రావచ్చు కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ముందు జీతం సంగతి. సీటీసీ అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు, మన అకౌంట్లో పడేది కాదు. నైట్ షిఫ్ట్ ఆఫర్‌ని పన్నెండుతో భాగిస్తే నెలకి 33,000. అందులో కచ్చితంగా ఇచ్చేది 24,000. కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ సుమారు 700. మిగిలినవి నైట్ అలవెన్స్ 3,000, పెర్ఫార్మెన్స్ ఇన్సెంటివ్ 3,500. గ్రాట్యుటీ సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తేనే వస్తుంది, కాబట్టి ఇప్పటికి దాన్ని మర్చిపోవచ్చు. 24,000 లోంచి మన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే మిగిలేది 22,000.

డే షిఫ్ట్ ఆఫర్‌లో నెలకి 25,000. అందులో ఫిక్స్‌డ్ 22,500, మిగతాది పీఎఫ్, గ్రాట్యుటీ. కోతలు పోగా చేతికొచ్చేది 20,500. అంటే రెండింటి మధ్య గ్యారంటీ ఉన్న తేడా 1,500 మాత్రమే. మిగతా 6,500 షరతుల మీద ఆధారపడి ఉంది.

ఆ షరతులు ఏంటో చూద్దాం. నైట్ అలవెన్స్ వాడి లెటర్‌లో రాత్రికి 150 చొప్పున, హాజరైన రాత్రులకే. జ్వరం వచ్చి నాలుగు రోజులు సెలవు పెడితే 600 పోతుంది. ట్రైనింగ్ పగలు జరిగితే ఆ నెలల్లో అసలు రాదు. ఇన్సెంటివ్ ఇంకా జారుడు వ్యవహారం. కాల్ సగటున ఎంతసేపు నడిచింది, కస్టమర్ ఎంత రేటింగ్ ఇచ్చాడు, క్వాలిటీ వాళ్లు విన్న కాల్‌కి ఎన్ని మార్కులు పడ్డాయి, బ్రేకులు టైముకి తీసుకున్నామా, ఇవన్నీ కలిపి నిర్ణయిస్తారు. కస్టమర్ వివరాలు సరిచూసుకోకుండా అకౌంట్ గురించి చెప్పేస్తే అది ఫేటల్ ఎర్రర్, ఆ కాల్‌కి క్వాలిటీ మార్కులు సున్నా. అందుకే "గరిష్ఠంగా ఎంత" అని కాదు, "గత మూడు నెలల్లో ఈ టీమ్‌లో ఎంతమందికి పూర్తిగా వచ్చింది" అని అడగాలి. మావాడు అడిగాడు. హెచ్ఆర్ మేడమ్ "అది మీ పెర్ఫార్మెన్స్‌ని బట్టి ఉంటుంది" అన్నారు. నంబర్ రాలేదు. నంబర్ రాని చోట ఇన్సెంటివ్‌ని సున్నా అనుకుని లెక్కేయడమే మంచిది.

ఇప్పుడు టైము. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 అంటే మనకి సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30. నవంబర్‌లో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పగానే మనది 7:30 నుంచి 4:30 అవుతుంది. మార్చిలో మళ్లీ మొదటికొస్తుంది. క్యాబ్ ఫ్రీనే, కానీ అందరినీ ఎక్కించుకుంటూ వెళ్తుంది కాబట్టి 6:30 షిఫ్ట్‌కి 4:30కే ఎక్కాలి. తిరిగి రూముకి చేరేసరికి ఐదు. మొత్తం పన్నెండున్నర గంటలు, నెలకి ఇరవై రోజులకి 250 గంటలు. డే షిఫ్ట్‌లో తొమ్మిది గంటల పని, పోను గంట, రాను గంట, నెలకి 220 గంటలు.

నైట్ షిఫ్ట్‌లో ఇన్సెంటివ్ లేకుండా 25,000. అర్ధరాత్రి తిండికి, టీలకి రెండు వేలు తీసేస్తే 23,000. గంటకి 92 రూపాయలు. డే షిఫ్ట్‌లో బస్సు, మెట్రోలకి 1,500 తీసేస్తే 19,000. గంటకి 86. లెటర్ మీద కనిపించిన ఎనిమిది వేల తేడా గంటకి ఆరు రూపాయలు అయింది. ఇన్సెంటివ్ మొత్తం వచ్చిన నెలలో నైట్ షిఫ్ట్ 106కి వెళ్తుంది, నిజమే. కానీ అది మంచి నెల.

ఆ ఆరు రూపాయలకి మనం ఇచ్చేది ఏంటి? నిద్ర. మన ఒంట్లో గడియారం వెలుతురుని చూసి నడుస్తుంది. పొద్దున్నే వెలుతురు కంట్లో పడగానే "పగలైంది" అనుకుంటుంది. పైగా వీకాఫ్ రోజుల్లో ఇంట్లోవాళ్లతో, ఫ్రెండ్స్‌తో కలవాలని మళ్లీ పగటి మనుషులం అవుతాం. అందుకే ఎన్ని నెలలైనా ఒళ్లు పూర్తిగా రాత్రికి అలవాటు పడదు. పగటి నిద్ర మామూలుగా గంటో రెండు గంటలో తక్కువే ఉంటుంది, దానికి కుక్కర్ విజిల్స్, మే నెల ఎండ, కరెంటు కోత తోడు. 2007లో ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇలాంటి షిఫ్ట్ పనిని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. ఏడాది చేస్తే ఏదో అయిపోతుందని దాని అర్థం కాదు. మన వయసులో దగ్గర్లో ఉన్న ప్రమాదం వేరే ఉంది: తెల్లవారుజామున నిద్రమత్తులో సొంత బండి మీద రావడం. క్యాబ్ ఇవ్వని నైట్ షిఫ్ట్ అయితే నా మట్టుకు అక్కడితో లెక్క ఆపేస్తాను.

ఇక ఎదుగుదల. వాయిస్ ప్రాసెస్‌లో మెట్లు అసోసియేట్, సీనియర్, ఎస్ఎంఈ లేదా క్వాలిటీ, ఆ తర్వాత టీమ్ లీడర్. పదిహేను ఇరవై మందికి ఒక్క టీమ్ లీడర్ ఉంటాడు కాబట్టి ఆ మెట్టు దగ్గర క్యూ పెద్దది. లోపల నుంచే టెక్నికల్ టీమ్‌కి మారొచ్చు అంటారు. దానికి సాధారణంగా ఏడాది సర్వీసు, మంచి స్కోర్లు కావాలి, ఖాళీ కూడా ఉండాలి. ఎల్1 సపోర్ట్‌లో మాత్రం రోజూ వచ్చే టికెట్లే పాఠాలు: మెయిల్ ఎందుకు వెళ్లట్లేదు, డీఎన్ఎస్ ఎక్కడ తప్పింది, సర్వర్ లాగ్‌లో ఏముంది. పన్నెండు నెలల తర్వాత రెజ్యూమెలో ఏ వాక్యం రాయగలం అని రెండు ఆఫర్లకీ ఒక్కో లైన్ రాయమన్నాను. మొదటిదానికి "రోజుకి ఇన్ని కాల్స్" దగ్గర ఆగిపోయాడు. రెండోదానికి నాలుగు లైన్లు రాశాడు.

డే షిఫ్ట్‌లోనే చేరాడు. ఇంటికి పన్నెండు వేలు పంపుదామనుకున్నవాడు ఎనిమిది వేలు పంపుతున్నాడు. ఆ నాలుగు వేల లోటు ఇంట్లో నిజంగానే కనిపిస్తోంది. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి చెప్పడం వాడికి ఇంటర్వ్యూ కంటే కష్టమైంది.

అందరి లెక్కా ఇలాగే తేలదు. చేతిలో వేరే ఆఫర్ లేకపోతే, వచ్చే నెల ఈఎంఐ తప్పదనుకుంటే, నైట్ షిఫ్ట్ తీసుకోవడంలో తప్పేం లేదు. అప్పుడు చేరే ముందే బయటికొచ్చే నెల క్యాలెండర్‌లో రాసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వకండి. గదికి మందపాటి కర్టెన్ కొనండి. వారంలో మూడు రోజులైనా షిఫ్ట్‌కి ముందు చదువుకోగలుగుతున్నారో లేదో మొదటి మూడు నెలలు గమనించండి. అది కుదరట్లేదంటే, మీరు పెట్టుకున్న నెల వచ్చినా బయటికెళ్లే దారి తయారుగా ఉండదు.