సత్యపట్టిక నుండి సమీకరణం

ఒక ఇంటి బావికి విద్యుత్ మోటారు అమర్చారనుకొందాము. బావిలో నీరుంటే A విలువ 1, లేకపోతే 0. మేడమీది తొట్టి వెలితిగా ఉంటే B విలువ 1. తోటకు నీరు కావాలని మీట నొక్కితే C విలువ 1. బావిలో నీరుండి, తొట్టికి గాని తోటకు గాని అవసరమైనప్పుడే మోటారు తిరగవలెను. నీరులేని బావిపై తిరిగితే పంపు వేడెక్కి చెడిపోతుంది.

మూడు చరరాశులకు 8 స్థితులు కలవు. మోటారు తిరిగే స్థితిలో F విలువ 1.

```
వరుస  A B C  F
0     0 0 0  0
1     0 0 1  0
2     0 1 0  0
3     0 1 1  0
4     1 0 0  0
5     1 0 1  1
6     1 1 0  1
7     1 1 1  1
```

ఏదైనా ఒక్క వరుసలో మాత్రమే 1 అయి, మిగిలిన వరుసలన్నిటిలో 0 అయ్యే లబ్ధాన్ని మిన్‌టర్మ్ అంటారు. లబ్ధం 1 కావలెనంటే ప్రతి కారణాంకమూ 1 కావలెను. కనుక వరుసలో 1 ఉన్న అక్షరాన్ని అట్లే ఉంచి, 0 ఉన్నదానికి పూరకాన్ని వ్రాయాలి. 5వ వరుసకు AB'C వస్తుంది. F విలువ 1గా ఉన్న వరుసల మిన్‌టర్మ్‌లను కూడితే లబ్ధాల మొత్తం సిద్ధిస్తుంది:

F = AB'C + ABC' + ABC

ఇదే ప్రమేయాన్ని సున్నల వైపునుండి కూడా చెప్పవచ్చును. ఒక్క వరుసలో మాత్రమే 0 అయ్యే మొత్తం మాక్స్‌టర్మ్. మొత్తం 0 కావలెనంటే ప్రతి పదమూ 0 కావలెను. కనుక ఇక్కడ నియమం తారుమారవుతుంది: 0 ఉన్న అక్షరం అట్లే ఉంటుంది, 1 ఉన్నదానికి పూరకం వస్తుంది. 3వ వరుసకు A+B'+C'. F విలువ 0గా ఉన్న అయిదు వరుసల మాక్స్‌టర్మ్‌లను గుణిస్తే మొత్తాల లబ్ధం:

F = (A+B+C)(A+B+C')(A+B'+C)(A+B'+C')(A'+B+C)

విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడనే. మిన్‌టర్మ్ నియమాన్నే మాక్స్‌టర్మ్‌లకు వాడి, 0వ వరుసకు A'+B'+C' అని మొదలుపెట్టి అయిదింటినీ అట్లే వ్రాస్తే ఏమవుతుంది? ఆ లబ్ధం 3 నుండి 7 వరకు గల వరుసలలో 0, 0, 1, 2 వరుసలలో 1 అవుతుంది. అనగా నీరున్నప్పుడు మోటారు ఒక్కసారైనా తిరగదు. బావి ఎండినప్పుడు మాత్రం తిరుగుతుంది! ఈ తప్పును పట్టుకొనే ఉపాయం సులభం. వ్రాసిన ప్రతి మాక్స్‌టర్మ్‌లో దాని వరుస విలువలను ప్రతిక్షేపించి, 0 వచ్చినదో లేదో చూడాలి.

ఈ రెండు రూపాలూ ప్రామాణికమైనవి. చరరాశుల క్రమం ఒక్కటే అయితే ఎవరు వ్రాసినా అవే పదాలు వస్తాయి. అయితే ఇవి మిక్కిలి చిన్న రూపాలు కావు. మొదటి రూపంలో ABC ని రెండుమార్లు వాడుకొని జతపరిస్తే AC + AB, అనగా A(B+C) మిగులుతుంది. మోటారు నియమాన్ని మాటలలో చెప్పినప్పుడు మనము పలికినది సరిగా ఇదే.