బోర్డు మీద అరవై, తెర మీద ముప్పై

మా బావమరిది హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ, సూర్యాపేట దాటాక ఒక హోటల్ ఆవరణలో కారుకి చార్జింగ్ పెట్టి, ఆ మెషీన్ తెరని ఫోటో తీసి పంపాడు. కింద ఒకటే ప్రశ్న: "బావా, పైన అరవై కిలోవాట్లని పెద్ద అక్షరాలతో రాశారు. లోపల చూస్తే సగమే వస్తోంది. ఇది మోసం కాదా?"

ఎండ పడి సగం తెల్లబోయిన ఆ ఫోటోలో కనిపించినవి ఇవీ:

```
GUN B   CCS2   Charging
SOC       47 %
Voltage   342 V
Current   87 A
Power     29.75 kW
Energy    9.90 kWh
Time      00:20:10
Rate      20.00 Rs/kWh + GST
Amount    198.00
```

మొదటి వరుసలో ఉన్న CCS2 అనేది గన్ రకం. ఇప్పుడు మన దగ్గర అమ్ముతున్న ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ వాటికి ఫాస్ట్ చార్జింగ్ దీనితోనే. కారు మూత తీసి చూస్తే సాకెట్ రెండు అంతస్తుల్లో ఉంటుంది. పైన ఏడు రంధ్రాల గుండ్రటి భాగం, కింద రెండు లావుపాటి రంధ్రాలు. డీసీ కరెంటు ఆ కింది రెండిటి గుండానే నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. పైభాగంలో అప్పుడు పని ఉండేది ఎర్త్‌కీ, కారూ మెషీనూ మాట్లాడుకునే పిన్నులకీ మాత్రమే.

కింది రెండూ లేకుండా పైభాగం ఒక్కటే ఉన్న గన్‌ని తెర Type 2 అంటుంది. అది ఏసీ చార్జింగుకి. దాన్ని డీసీగా మార్చుకునే పని కారులోపలి చార్జర్‌ది. ఆ చార్జర్ 7.2 కిలోవాట్లదైతే, గోడ మీద 22 అని రాసినా కారు తీసుకునేది 7.2 మాత్రమే. హైవే మీద తొందరలో ఉన్నవాడు Type 2 దగ్గర ఆగితే భోజనమే కాదు, మధ్యాహ్నం నిద్ర కూడా ముగించుకుని లేవొచ్చు. కొన్ని పాత చార్జర్ల మీద CHAdeMO, GB/T అన్న పేర్లు కూడా కనిపిస్తాయి. మొదటిది జపాన్ పద్ధతి, రెండోది చైనాది. మన కారుకి CCS2 ఉంటే వాటిని పట్టించుకోనక్కర్లేదు.

ఇక అసలు తగాదా. Voltage వరుసలోని 342ని Current వరుసలోని 87తో గుణిస్తే 29,754 వాట్లు, అంటే తెర చూపిస్తున్న 29.75 కిలోవాట్లే. తెర అబద్ధం చెప్పడం లేదు. మరి మిగతా సగం ఏమైంది?

ఫోటో అంచున, అదే మెషీన్‌కి అవతలి పక్క ఇంకో కారు బానెట్ కొంచెం కనిపిస్తోంది. జవాబు అక్కడుంది. అరవై కిలోవాట్ల మెషీన్లలో చాలావాటికి రెండు గన్లుంటాయి, లోపల కరెంటుని మార్చే మాడ్యూళ్లు విడివిడి పెట్టెలుగా ఉంటాయి. ఒక్క కారే ఉంటే అన్నీ దానికే పనిచేస్తాయి. రెండో కారు వచ్చి గన్ పెట్టగానే చెరి ముప్పై. బోర్డు మీద రాసింది మెషీన్ మొత్తం సత్తా, మన గన్‌కి ఇచ్చిన మాట కాదు. ఆ సంగతి బోర్డు మీదే చిన్న అక్షరాల్లోనైనా రాస్తే పోయేదేముంది అనిపిస్తుంది నాకు.

పక్క గన్ ఖాళీగా ఉన్నా సగమే వస్తుంటే అప్పుడు కారు వైపు చూడాలి. ఎన్ని ఆంపియర్లు కావాలో అడిగేది కారే, మెషీన్ అడిగినంత లోపే ఇస్తుంది. బ్యాటరీ బాగా వేడెక్కినా, బాగా చల్లగా ఉన్నా కారు తక్కువే అడుగుతుంది. SOC, అంటే బ్యాటరీ నిండిన శాతం, ఎనభై దాటాక ఇంకా తగ్గించేస్తుంది. తేడా కనిపెట్టాలంటే ఐదు నిమిషాలు తెరని చూస్తే చాలు. బ్యాటరీ నిండుతుంటే వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. పరిమితి మెషీన్‌దైతే Power ముప్పై దగ్గర కదలకుండా నిలబడుతుంది, వోల్టేజీ పెరిగినకొద్దీ ఆంపియర్లు కొంచెం దిగుతాయి. పరిమితి కారుదైతే Power మెట్లు దిగినట్టు పడుతూ పోతుంది. పక్క కారు వెళ్లిపోయాక వాటా దానంతటదే పెరిగే మెషీన్లున్నాయి. పెరగనివీ ఉన్నాయి, వాటిలో చార్జింగ్ ఆపి మళ్లీ మొదలుపెడితే పెరగొచ్చు.

Energy అన్నది బిల్లుకి ఆధారమైన వరుస. ఒక kWh అంటే మన ఇంటి కరెంటు బిల్లులోని ఒక యూనిట్. సుమారు ముప్పై కిలోవాట్ల చొప్పున ఇరవై నిమిషాలంటే గంటలో మూడో వంతు, కనుక పది యూనిట్ల దగ్గరికి రావాలి. వచ్చింది 9.90. మొదటి నిమిషంలో కరెంటు మెల్లగా ఎక్కుతుంది కాబట్టి లెక్క సరిపోయినట్టే.

ఇక్కడ బావమరిది ఇంకో మెలిక పెట్టాడు. అతని కారు బ్యాటరీ 40 యూనిట్లది. ప్లగ్ పెట్టినప్పుడు 24 శాతం ఉంది, ఇప్పుడు 47. పెరిగిన 23 శాతానికి 9.2 యూనిట్లు చాలు కదా, మిగతా 0.7 ఎవరు తిన్నారు? ఎండకి అద్దాలు బిగించుకుని ఏసీ వేసుకుని లోపలే కూర్చున్నాడట. ఏసీ రెండు కిలోవాట్లు లాగితే ఇరవై నిమిషాల్లో అంత ఖర్చూ అక్కడే తేలిపోతుంది. బ్యాటరీని చల్లబరచడానికీ కొంత పోతుంది.

డబ్బు దగ్గర జాగ్రత్తగా చదవాలి. తెర మీది 198 రూపాయలు 9.90 యూనిట్లని ఇరవైతో గుణిస్తే వచ్చినవి. పన్ను అందులో లేదు. Rate పక్కనే ఉన్న "+ GST" అనే ముక్క చాలామంది కంట పడదు. 18 శాతం, అంటే 35 రూపాయల 64 పైసలు కలిస్తే యాప్ వాలెట్ నుంచి పోయేది 233.64. యూనిట్‌కి అసలు పడింది ఇరవై కాదు, 23.60. రెండు చార్జర్ల ధర పోల్చేటప్పుడు రెండూ పన్నుతోనో, రెండూ పన్ను లేకుండానో చెబుతున్నాయా అని ముందు చూసుకోవాలి.

ఇంటి కరెంటుకి లేని పన్ను ఇక్కడెందుకంటే, కారుకి చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కాదు, సేవ అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. దానివల్ల లైసెన్సు లేకుండా ఎవరైనా స్టేషన్ పెట్టుకునే వీలు కలిగింది. సేవ అన్నాక దాని పన్నూ వెంట వచ్చింది.

కొన్ని చోట్ల చార్జింగ్ అయిపోయాక కారు తీయకపోతే నిమిషానికి ఇంత అని Idle fee పడుతుంది. అది తెర మీద కాకుండా యాప్‌లోని ధరల పేజీలో ఉండొచ్చు. భోజనానికి వెళ్లేముందు అది చూసుకోవాలి.

మధ్యలో చార్జింగ్ ఆగితే మెషీన్‌నో యాప్‌నో చూడండి. SuspendedEV అని ఉంటే ఆపింది కారు. SuspendedEVSE అంటే ఆపింది మెషీన్. Faulted అంటే ఆ గన్‌తో పెనుగులాడకుండా రెండో గన్‌కి మారడం మేలు. అసలు మొదలే కాకపోతే మాత్రం, బరువైన కేబుల్ లాగేయడం వల్ల గన్ పూర్తిగా లోపలికి దిగి ఉండకపోవచ్చు. చేత్తో కాస్త ఎత్తిపట్టి మళ్లీ నొక్కితే చాలాసార్లు పట్టుకుంటుంది.

పనయ్యాక ముందు Stop నొక్కి, కారు లాక్ తీశాకే గన్ లాగాలి. లాగిన కాసేపటికి తెర మీది అంకెలు చెరిగిపోతాయి. అందుకని ఫోటో తీయాల్సిన అసలు సమయం Stop నొక్కాక, గన్ లాగకముందు. Energy, Amount, మెషీన్ నంబరు, ఉంటే సెషన్ నంబరు, అన్నీ ఆ ఒక్క ఫోటోలో పడాలి. వాలెట్‌లో ఎక్కువ కోసుకుంటే కస్టమర్ కేర్ వాళ్లు మొదట అడిగేవి ఇవే.